చుక్క ఒకటే, లెక్కలు రెండు

ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన, సఖినేటిపల్లి వైపు రొయ్యల చెరువులు చేసే రైతులకు ల్యాబ్ రిపోర్టు కొత్త కాదు. చెరువు నీళ్ల సీసా అమలాపురంలోనో రాజోలులోనో ఇచ్చి వస్తే, మర్నాటికో ఆ పై రోజుకో కాగితం చేతికొస్తుంది. పీహెచ్, ఉప్పుశాతం, అమ్మోనియా గడుల కింద విబ్రియో కౌంట్ అని ఒక గడి ఉంటుంది. అందులో 1.9 × 10⁴ CFU/mL అని ఉందనుకుందాం. అంటే మిల్లీలీటరు నీటికి 19 వేలు. దాన్ని చూసే మేత తగ్గించాలా, నీళ్లు మార్చాలా, ప్రోబయోటిక్ చల్లాలా అన్న ఆలోచన మొదలవుతుంది.

విబ్రియోలను మాత్రమే కాక, ఉన్న బ్యాక్టీరియా అంతటినీ లెక్కపెట్టమని అడిగితే ల్యాబ్ వాళ్లు చాలా రకాలకు సరిపడే మేత ఉన్న మరో ప్లేటు వాడతారు. అప్పుడు అంకె వేలు దాటి లక్షకు చేరవచ్చు. ఇప్పుడు అదే సీసాలో నుంచి ఒక చుక్క తీసి, మెరిసే రంగు కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. మామూలు సముద్రపు నీటిలోనే మిల్లీలీటరుకు దాదాపు 10 లక్షల కణాలు కనిపిస్తాయి. మేత, మలినం పడే చెరువులో అంతకన్నా ఎక్కువే ఉంటాయి.

నీళ్లు అవే, సీసా అదే. ఒక లెక్క లక్ష దగ్గరే ఆగింది, రెండోది పదుల లక్షలు అంటోంది. తప్పు ఎవరిది? మిగతా కణాలు ఏమైపోయాయి? సూక్ష్మజీవుల శాస్త్రాన్ని దశాబ్దాల పాటు వేధించిన చిక్కుముడి ఇది. రష్యన్ శాస్త్రవేత్త రజుమోవ్ 1932లోనే ఈ తేడాను ఎత్తిచూపారు. 1985లో అమెరికన్ శాస్త్రవేత్తలు జేమ్స్ స్టేలీ, అలన్ కొనోప్కా దీనికి 'గ్రేట్ ప్లేట్ కౌంట్ అనామలీ' అని పేరు పెట్టారు. ప్లేటు లెక్కలోని మహా వైరుధ్యం అన్నమాట. ఈ ముడి ఎలా విడిందో ఒక్కో ఆధారం పట్టుకుని చూద్దాం.

ప్లేటు మీద అంత నమ్మకం ఎందుకు?

ముందు ప్లేటుకు ఆ పరపతి ఎలా వచ్చిందో తెలియాలి. 1881లో రాబర్ట్ కాక్ గడ్డకట్టిన మేత మీద బ్యాక్టీరియాను పెంచి చూపించారు. ద్రవంలో అన్నీ కలిసిపోతాయి. గట్టి ఉపరితలం మీద పడ్డ కణం మాత్రం పడ్డచోటే ఉండి, రెండుగా, నాలుగుగా, కోట్లుగా చీలి, కంటికి కనిపించే చుక్క అవుతుంది. ఆ చుక్కే కాలనీ. ఒక కాలనీకి మూలం ఒక కణం అనుకుంటే, కాలనీలను లెక్కపెడితే కణాలను లెక్కపెట్టినట్టే.

కాక్ మొదట వాడిన జెలటిన్ వేడికి కరిగిపోయేది. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన వాల్టర్ హెసెకు భార్య ఫానీ హెసె వంటింట్లో జెల్లీకి వాడే అగార్ వాడమని సలహా ఇచ్చారు. సముద్రపు నాచు నుంచి వచ్చే అగార్ మన ఎండాకాలంలో కూడా గడ్డగానే ఉంటుంది. 1887లో రిచర్డ్ పెట్రీ మూత ఉన్న పళ్లెం తయారుచేశారు. ఈనాటికీ ల్యాబ్‌లో ఉన్న సరంజామా ఇదే.

1892లో హాంబర్గ్‌లో కలరా ప్రబలి ఎనిమిది వేలమందికి పైగా చనిపోయారు. పక్కనే ఆనుకుని ఉన్న ఆల్టోనా పట్టణం అదే ఎల్బ నది నీటిని, అది కూడా హాంబర్గ్ మురుగు కలిసిన తర్వాత, తీసుకునేది. అయినా అక్కడ జబ్బు చాలా తక్కువ. తేడా ఒక్కటే, ఆల్టోనా తన నీటిని ఇసుక పడకల గుండా వడకట్టేది. వడకట్టిన నీటిలో ఘన సెంటీమీటరుకు వంద సూక్ష్మజీవులకు మించకూడదని కాక్ పెట్టిన కొలత ఆ అనుభవంలోంచే గట్టిపడింది. ప్లేటు మీది అంకె ఊళ్లను కాపాడింది. ఇక దాన్ని అనుమానించేదెవరు?

మొదటి అనుమానితుడు: డైల్యూషన్

రెండు లెక్కలు కలవనప్పుడు ముందుగా అనుమానం వచ్చేది లెక్క కట్టిన తీరు మీద. అందుకే ప్లేటు లెక్క ఎలా కడతారో చేతులతో చేసినట్టే చూడాలి.

చెరువు నీటిని ఉన్నదున్నట్టు ప్లేటు మీద పోస్తే కాలనీలు ఒకదానిమీద ఒకటి ఎక్కి పొరలా అలుముకుంటాయి. లెక్కపెట్టడం కుదరదు. అందుకని అంచెలంచెలుగా పల్చన చేస్తారు. వరసగా మూడు గొట్టాలు పెట్టి, ఒక్కోదానిలో 9 మిల్లీలీటర్ల శుద్ధమైన ఉప్పునీరు పోస్తారు. విబ్రియోలు ఉప్పునీటి జీవులు. డిస్టిల్డ్ వాటర్ వాడితే కణాల్లోకి నీరు దూరి చాలావరకు పగిలిపోతాయి, ప్లేటు దాకా చేరనే చేరవు. అందుకే ఉప్పు ఉండాల్సిందే.

చెరువు నీరు 1 మిల్లీలీటరు మొదటి గొట్టంలో వేసి బాగా కలిపితే మొత్తం 10 మిల్లీలీటర్లు అవుతుంది. నీరు పదో వంతుకు పల్చబడింది, దీన్ని 10⁻¹ అంటారు. కొత్త టిప్ పెట్టి, అందులో నుంచి 1 మిల్లీలీటరు రెండో గొట్టంలో వేస్తే 10⁻², మళ్లీ అలాగే మూడోదానిలో వేస్తే 10⁻³. ప్రతి గొట్టం నుంచి 0.1 మిల్లీలీటరు చొప్పున రెండేసి ప్లేట్ల మీద వేసి, వంచిన గాజుకడ్డీతో సమంగా పరుస్తారు. విబ్రియో కోసం వాడేది టీసీబీఎస్ అనే ఆకుపచ్చ అగార్. పిత్త లవణాలు ఉంటాయి కాబట్టి దాని మీద మిగతా బ్యాక్టీరియా చాలావరకు పెరగవు. ప్లేట్లు బోర్లించి ఇంక్యుబేటర్లో పెట్టి, మర్నాడు తీసి చూస్తారు.

లెక్క అర్థం కావడానికి మన రిపోర్టు వెనక ఈ అంకెలు ఉన్నాయనుకుందాం. 10⁻¹ గొట్టం ప్లేట్ల మీద 186, 202 కాలనీలు. 10⁻² ప్లేట్ల మీద 21, 17. 10⁻³ ప్లేట్ల మీద 3, 1. సూత్రం ఇది:

```
CFU/mL = C / (V × D)
C = కాలనీల సగటు
V = ప్లేటు మీద వేసిన మి.లీ.
D = డైల్యూషన్
```

10⁻¹ ప్లేట్ల సగటు 194. దాన్ని 0.1 × 0.1తో, అంటే 0.01తో భాగిస్తే 19,400. రిపోర్టులో 1.9 × 10⁴గా కనిపించేది ఇదే. చాలామంది కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. డైల్యూషన్‌ను లెక్కలోకి తీసుకుంటారు కానీ ప్లేటు మీద వేసింది పూర్తి మిల్లీలీటరు కాదు, అందులో పదో వంతేనన్నది మర్చిపోతారు. అప్పుడు 19,400 కాస్తా 1,940 అయి కూర్చుంటుంది.

ఇప్పుడు తర్వాతి గొట్టాన్ని అడుగుదాం. 10⁻² ప్లేట్ల సగటు 19. దాన్ని 0.1 × 0.01తో, అంటే 0.001తో భాగిస్తే 19,000. రెండు వేర్వేరు గొట్టాలు దాదాపు ఒకే మాట చెప్పాయి. డైల్యూషన్ సరిగ్గా జరిగిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఒక గొట్టం నుంచి తర్వాతి గొట్టానికి పదింతలు తగ్గాల్సిన కాలనీలు రెండింతలే తగ్గితే టిప్ మార్చలేదనో గొట్టం సరిగా కలపలేదనో తెలిసిపోతుంది.

మూడో గొట్టం ప్లేట్ల మీద 3, 1 వచ్చాయి. మొదటి ప్లేటు ఒక్కటే చూసి ఉంటే 30 వేలు అనేవాళ్లం, రెండోది ఒక్కటే చూస్తే 10 వేలు. అంత తక్కువ కాలనీలున్నప్పుడు ఒక్క కణం అటూ ఇటూ పడినా ఫలితం తలకిందులవుతుంది. కణాలు యాదృచ్ఛికంగా పడతాయి కాబట్టి 200 కాలనీల లెక్కలో సహజంగా ఉండే ఊగిసలాట దాదాపు 14, అంటే నూటికి ఏడు. 20 కాలనీల దగ్గర అది నాలుగున్నర, అంటే నూటికి ఇరవై రెండు. పైన 300 దాటితే కాలనీలు ఒకదానికొకటి మేత దొరక్కుండా చేసుకుని, అతుక్కుని, లెక్క తక్కువ చూపుతాయి. అందుకే 30 నుంచి 300 మధ్య, కొన్ని పద్ధతుల్లో 25 నుంచి 250 మధ్య, కాలనీలున్న ప్లేటునే లెక్కకు తీసుకుంటారు.

సూత్రం సరిగ్గా వాడాక మిగిలే ఈ తప్పులన్నీ కలిపినా ఫలితం రెండింతలో మూడింతలో మారుతుంది. సూక్ష్మదర్శినికీ ప్లేటుకీ మధ్య ఉన్న తేడా పదుల నుంచి వేల రెట్లది. మొదటి అనుమానితుణ్ణి వదిలేయాల్సిందే.

రెండో అనుమానితుడు: గుంపులు

కొన్ని బ్యాక్టీరియా గొలుసులుగా ఉంటాయి. కొన్ని జంటలుగా, మరికొన్ని మేత ముక్కలకో నాచు పోగుకో అతుక్కుని ఉంటాయి. పాతిక కణాలున్న ముద్ద ప్లేటు మీద పడితే వచ్చేది ఒకే కాలనీ. సూక్ష్మదర్శిని దాన్ని 25 అంటుంది, ప్లేటు 1 అంటుంది. ఈ నిజాన్ని ఒప్పుకోవడానికే శాస్త్రవేత్తలు 'కణాలు' అనే మాట వదిలి 'కాలనీ ఫార్మింగ్ యూనిట్' అనే జాగ్రత్త మాట పట్టుకున్నారు. ఎన్ని కణాలో మేం చెప్పం, కాలనీగా మారగల యూనిట్లు ఇన్ని అని మాత్రమే చెబుతాం అని దాని అర్థం.

అయితే గుంపులను విడదీసి చూడవచ్చు. గట్టిగా కుదిపి, అవసరమైతే శబ్దతరంగాలతో విడగొట్టి మళ్లీ ప్లేటు వేస్తే కాలనీలు పెరుగుతాయి. కానీ వేల రెట్లు పెరగవు. పైగా సూక్ష్మదర్శిని కింద నీళ్లలో కనిపించేవాటిలో ఎక్కువ విడివిడిగా తేలే కణాలే. గుంపులకు కొంత వాటా ఉంది, పూర్తి నేరం కాదు.

మూడో అనుమానితుడు: శవాలు

మెరిసే కణాలన్నీ బతికున్నవే అని ఎవరన్నారు? ఆక్రిడిన్ ఆరెంజ్ రంగు డీఎన్ఏకు అతుక్కుంటుంది. కణం బతికుందా, చచ్చిందా అన్నది దానికి పట్టదు. 1977లో జాన్ హాబీ బృందం సన్నని రంధ్రాల వడపోత పొర మీద కణాలను పట్టి ఈ రంగుతో లెక్కపెట్టే పద్ధతిని స్థిరపరిచాక సూక్ష్మదర్శిని లెక్కలు అందరికీ నమ్మదగ్గవి అయ్యాయి. తేడా మరింత స్పష్టంగా కనబడింది. సహజంగానే ప్లేటు పక్షం వాళ్లు 'మీరు లెక్కపెట్టేది శవాలను' అన్నారు.

దీనికి జవాబు 1979లో జపాన్ నుంచి వచ్చింది. కోగురె, సిమిదు, తాగా అనే ముగ్గురు ఒక తెలివైన ఎత్తు వేశారు. సముద్రపు నీటికి కొద్దిగా ఈస్ట్ సారం మేతగా కలిపారు. దానితో పాటు నాలిడిక్సిక్ యాసిడ్ అనే మందు కలిపారు. ఈ మందు డీఎన్ఏ నకలు తీసుకోవడాన్ని ఆపుతుంది. కణం మేత తింటుంది, పెరుగుతుంది, కానీ రెండుగా చీలలేదు. దాంతో బారుగా సాగిపోతుంది. కొన్ని గంటల తర్వాత సూక్ష్మదర్శిని కింద చూస్తే తిన్నవి పొడుగ్గా, తిననివి మునుపటిలాగే పొట్టిగా కనిపిస్తాయి. తినేది బతికున్నదే కదా.

పొడుగ్గా సాగిన కణాల సంఖ్య మొత్తం లెక్క అంత లేదు. కానీ ప్లేటు లెక్కకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే బతికుండి, మేత తింటూ, అయినా ప్లేటు మీద కాలనీ కట్టనివి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. శవాల వాదన సగం కూలింది. ముడి మాత్రం ఇంకా బిగిసింది. బతికి ఉండి కూడా ప్లేటు మీద ఎందుకు పెరగవు?

నాలుగో ఆధారం: ఒదిగి ఉన్న విబ్రియో

1982లో షూ, రీటా కాల్వెల్ బృందం కలరా విబ్రియో మీద చూపించిన సంగతి ఈ కథకు మలుపు. కలరా క్రిమి మన కోనసీమ కాలవల్లాంటి చోట్ల, తీపినీరు ఉప్పునీరు కలిసే నదీముఖాల్లో సహజంగా బతుకుతుంది. జబ్బు లేని కాలంలో మాత్రం అక్కడి నీళ్లను ప్లేటు మీద వేస్తే కాలనీ వచ్చేది కాదు. పోయిందనుకున్నారు. కాల్వెల్ బృందం ప్రతిదీప్తి యాంటీబాడీలతో చూస్తే కణాలు ఉన్నాయి. మేత తక్కువైనప్పుడో చలి తగిలినప్పుడో కణం ముడుచుకుని, జీవంతోనే ఉండి, ప్లేటు మీద మాత్రం పెరగని స్థితిలోకి పోతుంది.

దీన్ని అందరూ వెంటనే ఒప్పుకోలేదు. అభ్యంతరం బలమైనదే. అలా ఒదిగిన కణాలున్న చల్లటి నీళ్లు వేడెక్కితే కాలనీలు మళ్లీ వస్తాయి సరే, ఒదిగి ఉన్నవి లేచాయా, లేక ఎక్కడో మిగిలిన ఒకటి రెండు మామూలు కణాలు పెరిగి లక్షలయ్యాయా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

తీర్పు చెప్పింది మళ్లీ డైల్యూషనే. 1997లో వైట్‌సైడ్స్, ఆలివర్ అనే ఇద్దరు విబ్రియో వల్నిఫికస్ అనే క్రిమిని చల్లటి నీటిలో ఉంచి ప్లేటు మీద పెరగని స్థితికి తెచ్చారు. ఆ నీటిని ఇంకా పల్చన చేశారు. ప్లేటు మీద పెరగగల కణం ఒక్కటి కూడా ఉండే అవకాశం లేనంతగా చేశారు. తర్వాత గది వేడిమికి తెచ్చారు. మిగిలిపోయిన మామూలు కణాలే పెరుగుతున్నట్టయితే పల్చన చేసిన గొట్టంలో ఏమీ రాకూడదు. అయినా కాలనీలు వచ్చాయి. అంటే లేచింది ఒదిగిన కణాలే.

మనకు దీనిలో పనికొచ్చే సంగతి ఒకటుంది. సీసాను ఐస్ గడ్డల మీద ఆనించి తెస్తే విబ్రియోల్లో కొన్ని ప్లేటుకు దొరకవు. ఎండలో మోటారు సైకిల్ బాక్సులో పడేసి తెస్తే దారిలోనే ఎన్నో రెట్లు పెరుగుతాయి, ఎందుకంటే విబ్రియోలు అనువైన వేడిమిలో అరగంటలోపే రెండింతలవగలవు. చల్లటి పెట్టెలో, ఐస్‌కు నేరుగా తగలకుండా, వీలైనంత త్వరగా ల్యాబ్‌కు చేర్చడం మధ్యేమార్గం.

అయిదో ఆధారం: ప్లేటు పెట్టే విందు

ఒదిగినవి కొన్ని. మరి హాయిగా, చురుగ్గా బతుకుతూ కూడా ఎన్నడూ ప్లేటు మీద కనబడనివి ఏమిటి? 1990లో స్టీఫెన్ జియోవనోని బృందం సర్గాసో సముద్రపు నీటిలో కణాలను పెంచే ప్రయత్నమే మానేసి, వాటి జన్యువులను నేరుగా చదివింది. అందులో అప్పటిదాకా ఎవరూ ఏ ప్లేటు మీదా చూడని ఒక వంశం దొరికింది. సార్-11 అని గుర్తు పెట్టారు. తర్వాత లెక్కలు కడితే సముద్రం పైపొరలో ఉన్న కణాల్లో మూడో వంతు దాకా అదేనని తేలింది. అంత పెద్ద జనాభా వందేళ్లుగా ప్లేటు కన్ను గప్పింది.

దాన్ని పట్టుకోవడానికి కూడా డైల్యూషన్ కావాల్సి వచ్చింది, ఈసారి తలకిందులుగా. మామూలు ప్లేటు మేత సముద్రంతో పోలిస్తే మహా బలమైనది. దాని మీద వేగంగా తినే కొద్ది రకాలు ఎగబడి పెరుగుతాయి. నిదానంగా, అతి పల్చని మేతకు అలవాటు పడ్డవి ఆ బలానికే తట్టుకోలేవు. 2002లో రాపే, జియోవనోని తదితరులు అగార్ మానేశారు. వడకట్టి శుద్ధి చేసిన సముద్రపు నీటినే మేతగా ఉంచి, ఒక్కో చిన్న గుంటలో కొద్ది కణాలే పడేంతగా పల్చన చేశారు. వేగంగా పెరిగే రకాలు ఆ గుంటలోకి రాకుండా పోయాయి. వారాల తరబడి ఆగితే సార్-11 పెరిగింది. అయినా నీరు మసకబారేంతగా ఎప్పుడూ పెరగదు, సూక్ష్మదర్శిని పెడితేనే తెలుస్తుంది. కంటికి కనిపించే కాలనీ కట్టేంత జనాభాకు చేరడం దాని స్వభావంలోనే లేదు.

చివరి ఆధారం అగార్‌లోనే బయటపడింది. 2014లో జపాన్‌కు చెందిన తనాకా బృందం ఒక మామూలు అలవాటును పరీక్షకు పెట్టింది. మేతలో ఉండే ఫాస్ఫేటునూ అగార్‌నూ కలిపి ఆటోక్లేవ్‌లో ఉడికిస్తారు. ఆ వేడికి రెండూ కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. గాయాలు కడిగే మందు అది. దాన్ని తట్టుకోలేని కణాలు ప్లేటు మీద పడగానే ఆగిపోతున్నాయి. రెండిటినీ విడివిడిగా ఉడికించి, చల్లారాక కలిపితే కాలనీలు ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చాయి. నూరేళ్లకు పైగా ప్లేటు తన అతిథుల్లో కొందరికి తనే విషం పెడుతోంది.

తీర్పు

ఇంతకీ దోషి ఎవరు? ఒక్కరు కాదు. గుంపులు కొంత, శవాలు కొంత, ఒదిగినవి కొంత, విందు పడనివి చాలా. 1995లో ఆమన్, లుడ్విగ్, ష్లైఫర్ ఈ తేడాలన్నీ ఒక పట్టికలో పెట్టారు. సముద్రపు నీటిలో కనిపించే కణాల్లో ప్లేటు మీద వచ్చేవి నూటికి 0.001 నుంచి 0.1 మాత్రమే. కలుషితం కాని నదీముఖ జలాల్లో 0.1 నుంచి 3. మట్టిలో 0.3. మురుగు శుద్ధి ట్యాంకుల్లో 1 నుంచి 15. మేత దండిగా ఉన్న చోటు నుంచి వచ్చిన కణాలు ప్లేటు మేతకు కూడా తేలిగ్గా అలవాటు పడతాయి కాబట్టి అక్కడ వాటా ఎక్కువ.

పెళ్లి పందిట్లో లేచిన విస్తళ్లు లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పడం లాంటిది ప్లేటు లెక్క. విస్తళ్ల లెక్క తప్పు కాదు. భోజనానికి వచ్చినవాళ్లు ఎందరో అది ఖచ్చితంగానే చెబుతుంది. సూక్ష్మదర్శిని ఊళ్లో ఎందరున్నారో చెబుతుంది. రెండు లెక్కలూ నిజమే, అడిగిన ప్రశ్నలే వేరు.

అలాగని చెరువు రైతుకు ప్లేటు పనికిరాకుండా పోదు. రొయ్యకు ముప్పు తెచ్చే విబ్రియోలు సాధారణంగా వేగంగా తిని పెరిగేవి, ప్లేటు విందుకు ముందు వరసలో కూర్చునేవి. కాబట్టి సార్-11ను చూడలేని ప్లేటు, చురుగ్గా ఉన్న విబ్రియోను మాత్రం బాగానే పట్టిస్తుంది.

కానీ రంగు మీద మరీ భారం వేయకూడదు. టీసీబీఎస్ మీద పంచదార పులియబెట్టగలిగే విబ్రియో పసుపు కాలనీ కడుతుంది, పులియబెట్టలేనిది ఆకుపచ్చ కాలనీ కడుతుంది. అంతకుమించి రంగు ఏమీ చెప్పదు. గ్రీన్ చెడ్డది, ఎల్లో మంచిది అని చెరువు గట్ల మీద వినిపించే మాటకు కొంత ఆధారం ఉంది. రొయ్య పిల్లలను త్వరగా చంపే జబ్బుకు కారణంగా 2013లో డొనాల్డ్ లైట్నర్ బృందం పట్టుకున్న విబ్రియో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగానే వస్తుంది. అయితే ఆ క్రిమిలో విషం తయారుచేసే జన్యువులు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. ఆ వలయం లేని పారాహీమోలిటికస్ కూడా అదే ఆకుపచ్చ కాలనీ కడుతుంది. విషం ఉందా లేదా అన్నది పీసీఆర్ చెప్పాలి, ప్లేటు చెప్పలేదు. మనిషికి కలరా తెచ్చే విబ్రియో పసుపుగానే వస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

రంగు చూసే వేళ కూడా ముఖ్యమే. కాలనీలు కిక్కిరిసిన ప్లేటు మీద పసుపువాటి నుంచి వచ్చే ఆమ్లం చుట్టూ పాకి పక్కనున్న ఆకుపచ్చవాటిని కూడా పసుపుగా చూపుతుంది. ప్లేటును రోజుకు మించి ఉంచితే పసుపువి కొన్ని మళ్లీ ఆకుపచ్చకు తిరుగుతాయి. సోమవారం చూడాల్సిన ప్లేటును మంగళవారం చూసిన ల్యాబ్ గ్రీన్ కౌంట్ పెరిగిందని రాసిందంటే, పెరిగింది క్రిములు కాకపోవచ్చు.

అందుకే రిపోర్టు చేతికొచ్చినప్పుడు అంకె ఒక్కటే చూసి మందు సంచి విప్పకండి. ల్యాబ్‌ను మూడు సంగతులు అడగండి: ఏ అగార్ మీద వేశారు, ఏ డైల్యూషన్ ప్లేటును లెక్కపెట్టారు, దాని మీద నిజంగా ఎన్ని కాలనీలున్నాయి. 194 కాలనీల మీద కట్టిన 19 వేలకూ, రెండు కాలనీల మీద కట్టిన 20 వేలకూ కాగితం మీద తేడా కనిపించదు, నమ్మకంలో మాత్రం చాలా ఉంది. ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చకండి. అదే ల్యాబ్‌లో, అదే అగార్ మీద, రోజులో అదే వేళకు తీసిన నీళ్లతో వారం వారం వచ్చే అంకెలను పక్కపక్కన రాసుకోండి. మొన్న 2 వేలున్నది నిన్న 19 వేలయిందంటే పట్టించుకోవాల్సిందే. ఎప్పుడూ 19 వేల దగ్గరే నిలకడగా ఉండి, రొయ్య మేత బాగా తింటూ ఉంటే, ఆ చెరువుకు అది మామూలు అంకె.